పునాది నాడు కనబడని చట్టం

2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో మంటలు లేచాయి. అక్కడ రసాయనాల డ్రమ్ములు నిల్వ చేసి ఉన్నాయి. పై అంతస్తుల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి. నిమిషాల్లో పొగ మెట్లదారిని కమ్మేసింది. తొమ్మిది మంది మరణించారు. వారిలో ఎక్కువ మంది మన సముదాయానికి చెందిన ఒకే కుటుంబం వారు. మరునాడు అధికారులు వచ్చారు, నాయకులు వచ్చారు, నష్టపరిహారం ప్రకటించారు. ఇళ్ళ కింద రసాయనాలు నిల్వ చేయకూడదన్న నియమం మాత్రం ఆ రోజు పుట్టినది కాదు. అది ఎన్నో ఏళ్ళుగా పుస్తకంలో ఉంది. ఆ డ్రమ్ములు కూడా ఎవరి కంటికీ కనబడకుండా ఆ వీధిలోకి రాలేదు.

నగర ప్రణాళిక, జోనింగ్, భవన అనుమతి అనే మాటలు వినగానే మన మొహల్లాల్లో చాలామంది వాటిని కార్యాలయాల తతంగంగా, లంచాల వ్యవహారంగా భావిస్తారు. ఆ భావన ఊరికే పుట్టలేదు. కానీ ఆ నియమాల వెనుక ఉన్న ప్రశ్న చాలా సాదాది. మంట లేచిన నాడు పై అంతస్తులోని పిల్లలు ఏ దారిన బయటికి రావాలి? ఆ దారి ముందే ఉండేలా చూడటమే ప్రణాళిక పని. అది మన దగ్గర ఎందుకు పదేపదే విఫలమవుతోందో, ఆ వైఫల్యపు భారం చివరకు ఎవరి నెత్తిన పడుతోందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాం.

మొదట ప్రణాళిక అంటే ఏమిటో చూద్దాం. ప్రభుత్వం ఒక ఇంటిని రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈ నేలను దేనికి వాడవచ్చు అన్నది మొదటిది. దీనికి జవాబు మాస్టర్ ప్లాన్ పటంలో ఉంటుంది. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, చెరువు, పార్కు, రాబోయే రోడ్డు అంటూ ప్రతి సర్వే నెంబరుకూ అందులో ఒక రంగు ఉంటుంది. ఈ నేల మీద ఎంత ఎత్తున, ఎంత ఖాళీ వదిలి కట్టవచ్చు అన్నది రెండవది. దీనికి జవాబు భవన నిబంధనల్లో ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168 నేటికీ ఈ నిబంధనలకు ఆధారం.

హైదరాబాదుకు ఒకే మాస్టర్ ప్లాన్ ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాకాలంగా ఐదు ప్లాన్లు పక్కపక్కనే అమలులో ఉన్నాయి. పాతబస్తీతో కూడిన పాత మున్సిపల్ ప్రాంతానికి 2010లో వచ్చిన ప్లాన్ ఒకటి. శివారు విస్తీర్ణానికి 2013 జనవరిలో వచ్చిన, 2031 దాకా లెక్కవేసిన ప్లాన్ మరొకటి. సైబరాబాదుకు, విమానాశ్రయ ప్రాంతానికి, బాహ్యవలయ రహదారి పట్టీకి విడివిడిగా మరో మూడు. వీటిని తయారుచేసేది మనం ఓటు వేసి గెలిపించిన కార్పొరేటర్లు కాదు. ఆ పని ప్రభుత్వం నియమించే అభివృద్ధి సంస్థల చేతుల్లో ఉంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రణాళికను స్థానిక ప్రతినిధుల చేతికి తేవాలని ఆశించింది. ఆ ఆశ ఇప్పటికీ కాగితం మీదే ఉంది. ఫలితంగా ఒక బస్తీ మీదుగా వంద అడుగుల రోడ్డు గీత గీసినా, ఆ గీత తమ వంటగది మీదుగా పోతున్నదని బస్తీవాసులకు తెలిసేది అనుమతికి దరఖాస్తు పెట్టిన రోజునో, కూల్చివేత నోటీసు అందిన రోజునో. తాము ఎన్నడూ చూడని గీతను జనం గౌరవించలేరు. అమలు విఫలం కావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

రెండవ కారణం మన ఇళ్ళలోనే కనబడుతుంది. ఒక ఉదాహరణను కాస్త వివరంగా చూద్దాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, మన పాత మొహల్లాల్లో సాధారణంగా జరిగేదే. తండ్రి పేరిట 180 గజాల స్థలం ఉంది. ముఖం 30 అడుగులు, లోతు 54 అడుగులు. తల్లి ముందే మరణించింది. తండ్రి కూడా పోయాక ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. షరీఅత్ ప్రకారం అన్నదమ్ములకు చెరి 72 గజాలు, సోదరికి 36 గజాలు రావాలి. మామూలుగా జరిగేది ఏమిటంటే, సోదరికి కొంత సొమ్ము ముట్టజెప్పో, ఆమె నోట వద్దనిపించో, అన్నదమ్ములు స్థలాన్ని నిలువునా చెరి సగం చేసుకుంటారు. పదిహేను అడుగుల ముఖంతో చెరొక 90 గజాలు. పెద్దల ఎదుట మాట అయిపోతుంది. మహా అయితే నోటరీ కాగితం ఒకటి రాసుకుంటారు.

ధర్మం దృష్ట్యా నోటి మాటకు విలువ ఉంది. హిబాకు దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం అనే మూడూ ఉంటే చాలని, రిజిస్ట్రేషన్ లేకపోయినా అది చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కానీ మున్సిపల్ కార్యాలయం కోర్టు కాదు. అక్కడి ఫైలుకు రిజిస్టరైన దస్తావేజు కావాలి, ఆ స్థలం ఆమోదిత లేఅవుట్‌లోదో క్రమబద్ధీకరించినదో అయివుండాలి, పెద్ద స్థలంలోంచి చీలిన ముక్క అయితే ఆ చీలికకు ఆమోదం ఉండాలి. నోటి పంపకంతో వచ్చిన 90 గజాలకు ఇవేవీ ఉండవు. కాబట్టి తమ్ముడు దరఖాస్తు పెట్టడు. పెట్టినా తిరిగి వస్తుందని అతనికి తెలుసు. మేస్త్రీని పిలిచి పునాది తీయిస్తాడు. చట్టం దృష్టిలో అతను ఆ రోజు నుంచే అక్రమ నిర్మాణదారుడు. అతను ఎవరి నేలనూ ఆక్రమించలేదు, తన తండ్రి నేల మీదే కట్టుకున్నాడు.

మన సముదాయంలో ఇలా రిజిస్ట్రేషన్ లేని నోటరీ ఇళ్ళు ఎన్నో ఉన్నాయని ప్రభుత్వానికి తెలియక కాదు. 2023 జూలైలో తెలంగాణ ప్రభుత్వం నోటరీ పత్రాల క్రమబద్ధీకరణకు జీవో 84 జారీ చేయడమే అందుకు సాక్ష్యం. కానీ యాజమాన్యాన్ని సరిదిద్దే శాఖ ఒకటి, భవనాన్ని అనుమతించే శాఖ మరొకటి. ఈ రెంటి మధ్య నిలిచిన కుటుంబం ఇంటి గోడలు కాగితాల కోసం ఆగవు.

ఈ నోటి పంపకంలో పోయేది కాగితం ఒక్కటే కాదు, కట్టుకోదగిన విస్తీర్ణం కూడా పోతుంది. జీవో 168 లెక్క ఇలా ఉంటుంది. తొంభై గజాలంటే దాదాపు 75 చదరపు మీటర్లు. ఇంత స్థలంలో ముందు మీటరున్నర, అంటే సుమారు ఐదు అడుగులు వదలాలి. ఏడు మీటర్ల ఎత్తు వరకు, అంటే కింద ఒకటి పైన ఒకటి కడితే పక్కల ఖాళీ అక్కర్లేదు. ఆ ప్రకారం ఒక్కో అన్నదమ్ముడికి అంతస్తుకు సుమారు 735 చదరపు అడుగుల చొప్పున రెండంతస్తులు వస్తాయి. ఇద్దరికీ కలిపి దాదాపు 2,940 చదరపు అడుగులు. మూడో అంతస్తు కోసం పది మీటర్ల ఎత్తుకు పోతే మిగిలిన వైపుల అర మీటరు చొప్పున వదలాలి. పదిహేను అడుగుల ముఖంలో రెండు పక్కలా అది తీసేస్తే పన్నెండు అడుగులైనా మిగలవు. అందుకే ఎవరూ వదలరు. గోడను హద్దు మీదే లేపి, ఆపై మూడో అంతస్తు వేస్తారు.

అదే స్థలాన్ని చీల్చకుండా వారసులందరి పేరిట ఉమ్మడిగా అనుమతి కోరితే లెక్క మారుతుంది. నూట ఎనభై గజాలంటే 150 చదరపు మీటర్లు. ముందు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా మీటరు చొప్పున వదిలి పది మీటర్ల ఎత్తున మూడు అంతస్తులు కట్టవచ్చు. అంతస్తుకు సుమారు 1,070 చదరపు అడుగులు, మూడింటికి దాదాపు 3,200. చట్టబద్ధంగా కట్టేదే ఎక్కువ వస్తోంది. పైగా నాలుగు వైపులా గాలి, వెలుతురు, పొగ బయటికి పోయే సందు మిగులుతాయి. సందు మరీ ఇరుకైతే రోడ్డుకు కొంత వదలవలసి వచ్చి ఈ అంకెలు తగ్గవచ్చు. అయినా చీలిక వల్ల వచ్చే నష్టం నష్టమే. ఈ చిన్న లెక్కను మొహల్లాలో కూర్చుని చెప్పే మనిషిని ఏ కార్యాలయమూ పంపలేదు. ఆ లోటును మధ్యవర్తులు నింపారు.

ఇప్పుడు మూడవ కారణానికి వద్దాం. అన్నిటికన్నా పెద్దది ఇదే. చట్టం ఏ సమయంలో వస్తుందన్నదే అసలు ప్రశ్న. పునాది తీసిన రోజున తప్పు సరిదిద్దడానికి ఒక పూట చాలు, ముగ్గుపిండితో గీత మార్చితే సరిపోతుంది. మొదటి స్లాబు పడ్డాక లక్షలు పోతాయి. జనం కాపురానికి దిగాక ఏ మానవత్వమున్న న్యాయస్థానమూ తేలిగ్గా కూల్చమనదు. కాబట్టి అమలు అనేది పునాది దగ్గరే జరగాలి. మన నగరాల్లో పునాది దగ్గరికి మొదట వచ్చేది ప్రణాళికాధికారి కాదు, ఛైన్‌మన్. అతను వచ్చి చూసి వెళ్ళాక పని ఆగదన్న సంగతి ప్రతి మేస్త్రీకీ తెలుసు. అతని రాక వెనుక ఏముందో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ తరువాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే మహానగర పాలక సంస్థ చట్టంలోని 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు వస్తుంది. జవాబు ఇస్తారు. కొన్నాళ్ళకు 636వ సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు వస్తుంది. దాన్ని తీసుకుని యజమాని సివిల్ కోర్టుకు పోయి ఆపివేత ఉత్తర్వు తెచ్చుకుంటాడు. దాన్ని ఎత్తివేయించే కౌంటరు వేయాల్సిన కార్యాలయం తీరిగ్గా ఉండిపోతుంది. ఈ లోగా మరో రెండు అంతస్తులు లేస్తాయి. డబ్బున్న బిల్డరుకు ఈ దారి అంతా కంఠస్థం. 90 గజాల తమ్ముడికి తెలిసింది నోటీసు అందగానే భయపడటం ఒక్కటే.

ఇంకో విచిత్రం చూడండి. అనుమతి లేని కట్టడం మీద ఆస్తిపన్నుతో పాటు వంద శాతం జరిమానా వేసే నిబంధన మన చట్టంలో ఉంది. ఒక విభాగం అక్రమమని నోటీసు ఇస్తుంది, మరో విభాగం అదే కట్టడం నుంచి ఏటేటా రెట్టింపు వసూలు చేస్తుంది. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని చట్టం చెబుతుంది. కానీ ఆ రసీదునే పేదవాడు తన ఇంటికి హక్కు పత్రంగా దాచుకుంటాడు. కరెంటు మీటరు వస్తుంది, నల్లా కనెక్షన్ వస్తుంది. అన్నీ వచ్చాక ఇల్లు మాత్రం ఇంకా అక్రమమేనంటే అతనికి ఎలా అర్థమవుతుంది?

పైగా ప్రభుత్వాలే ఎప్పటికప్పుడు క్షమాపథకాలు తెస్తున్నాయి. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు 2007లో ఒక పథకం, 2015లో మరొకటి వచ్చాయి. 2015 పథకం హైకోర్టు వివాదంలో చిక్కి, దరఖాస్తులు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 25 లక్షలకు పైగా దరఖాస్తులు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో ఇలాంటి పథకమే తెచ్చారు. ప్రతి పథకమూ ఇదే చివరిదని ప్రకటించారు. ప్రతి ప్రకటన తరువాతా బిల్డర్లు తదుపరి పథకం కోసం ఎదురుచూశారు. నియమాన్ని పాటించి ఖాళీ వదిలినవాడు స్థలం పోగొట్టుకున్నాడు. పాటించనివాడు రుసుము కట్టి స్థలం నిలబెట్టుకున్నాడు. రెండు పథకాల మధ్య కూలిపోయేది మాత్రం రుసుము కట్టే శక్తీ, కోర్టుకు పోయే శక్తీ లేనివాడి గోడే.

2024లో ఈ బాధను మనం దగ్గర నుంచి చూశాం. చెరువుల పరిరక్షణ కోసం ఆ జూలైలో హైడ్రా ఏర్పడింది. చెరువులను కాపాడాలన్న లక్ష్యంతో మాకు పేచీ లేదు. ముంపు వచ్చినప్పుడు మొదట మునిగేది మన బస్తీలే. కానీ ఆ సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో సెలవుదినాన జరిగిన కూల్చివేతపై తెలంగాణ హైకోర్టు అధికారులను తీవ్రంగా నిలదీసిందంటే, పద్ధతి ఎక్కడో తప్పిందనే అర్థం. ఎన్నో ఏళ్ళు నిద్రపోయిన చట్టం ఒక్క ఆదివారం ఉదయం మేల్కొంటే దాన్ని అమలు అనలేం.

ఇతర రాష్ట్రాల్లో బుల్డోజరు నగర ప్రణాళిక పేరుతో ముస్లింల మీద శిక్షగా మారిన సందర్భాలు చూశాక, 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. నేరారోపణ ఉన్నంత మాత్రాన ఎవరి ఇల్లూ కూల్చరాదని చెప్పింది. కూల్చివేతకు ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, ఇంటికి అతికించాలి. జవాబుకు 15 రోజులు లేదా స్థానిక చట్టం ఇచ్చిన గడువు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. మాట వినాలి. కారణాలు రాసిన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తరువాత మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని ఉల్లంఘించిన అధికారి తన సొంత ఖర్చుతో కట్టించి ఇవ్వవలసి ఉంటుంది. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం నోటీసు లేకుండా కూల్చే అధికారం గురించి మాట్లాడుతుంది కనుక, తెలంగాణవాసులు ఈ ఆదేశాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అయితే ఒక పరిమితిని దాచిపెట్టడం మన పాఠకులకు ద్రోహం అవుతుంది. రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క స్థలం, నది, చెరువు వంటి ప్రజాస్థలాల్లో అనుమతి లేకుండా కట్టిన వాటికీ, కోర్టు స్వయంగా కూల్చమన్న వాటికీ ఈ రక్షణ వర్తించదు. అంటే మూసీ ఒడ్డున, చెరువు శిఖంలో నోటరీ కాగితం మీద ప్లాటు కొన్న కుటుంబానికి ఈ తీర్పు గొడుగు కాదు. ఆ ప్లాట్లు అమ్మినవాడు డబ్బు తీసుకుని ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు. అక్కడ అడగవలసింది పునరావాసం, అమ్మినవాడి మీద కేసు, అమ్మకం జరుగుతున్నప్పుడు చూస్తూ ఊరుకున్న అధికారి మీద చర్య.

ఆ నవంబరు తీర్పు గురించి మనవారికి బాగా తెలుసు. నెల తరువాత, డిసెంబరు 17న వచ్చిన మరో తీర్పు గురించి తెలిసినవారు తక్కువ. మీరట్‌లో నివాసానికి కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టిన కేసు అది. 2014లో అలహాబాదు హైకోర్టు కూల్చివేతకు చెబితే, సుప్రీంకోర్టులో తేలడానికి మరో పదేళ్ళు పట్టింది. ఆ తీర్పులో కోర్టు అమలును పునాది దగ్గరికి తేవడానికి ప్రయత్నించింది. కట్టడం జరిగినన్నాళ్ళూ ఆమోదిత ప్లాన్ ఆ స్థలంలో అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. అధికారులు నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేసి రికార్డు రాయాలి. నివాసయోగ్యతా పత్రం చూశాకే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ పత్రం చూశాకే రుణమివ్వాలి. నిర్లక్ష్యం చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్య ఉండాలి. మొదటి తీర్పు మన ఇళ్ళను కాపాడుతుంది. రెండవది మన పిల్లల ప్రాణాలను కాపాడగలదు. మనం రెంటినీ కలిపి అడగాలి, ఒకదాన్ని మాత్రమే అడిగితే మన వాదన సగమే అవుతుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. ముస్లిం మొహల్లాలను చట్టం నుంచి మినహాయించమని మనం అడగనక్కర్లేదు. మినహాయింపు చివరకు గోడౌన్ యజమానికే లాభిస్తుంది, పై అంతస్తులోని కుటుంబానికి కాదు. చట్టం సమయానికి రావాలని, అందరికీ ఒకే తీరున రావాలని, లోపలికి వచ్చే తలుపు పేదవాడికి కూడా తెరిచి ఉంచాలని అడగాలి. వారసత్వ పంపకాలను సరిచేసుకునే ప్రత్యేక శిబిరాలు వార్డు స్థాయిలో పెట్టాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో వార్డు పటాలుగా ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకోవాలి. ప్రతి అనుమతికీ పునాది స్థాయి తనిఖీ, దాని తేదీ, వచ్చిన అధికారి పేరు బహిరంగంగా ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా కుటుంబాలు చేసుకోగలిగినవీ ఉన్నాయి. పంపకం నోటితో ముగించకుండా పంపక దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలి. సోదరి తన వాటా నిజంగా వదులుకుంటే అది ఆమె ఇష్టంతో, విడుదల పత్రం రూపంలో ఉండాలి. లేదా ఆమెను కూడా దరఖాస్తుదారుగా కలుపుకోవాలి. ప్లాటు కొనేముందు ఆ సర్వే నెంబరుకు మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగు ఉందో భూవినియోగ ధ్రువపత్రం అడిగి చూసుకోవాలి. అది చెరువు పూర్తిమట్టం పరిధిలో ఉందేమో నీటిపారుదల శాఖ పటంలో చూడాలి. వక్ఫ్ గెజిట్‌లో ఉందేమో కూడా చూడాలి. నోటీసు వస్తే దాని మీద తేదీ రాసుకుని, గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. కింది అంతస్తు అద్దెకిచ్చేటప్పుడు అక్కడ ఏ సరుకు దిగుతుందో కాగితం మీద రాయించుకోవాలి. ఎక్కువ అద్దె ఇస్తానన్నవాడు డ్రమ్ములు దించుతుంటే, ఇంటి యజమాని కన్నా ముందు పొరుగువారే అడగాలి.

దారి విషయంలో తగవు వస్తే ఏడు మూరలు వదలాలని మన ప్రవక్త (స) నిర్ణయించారని హదీసు గ్రంథాల్లో ఉంది. బరువుతో వస్తున్న ఒంటెకు దారి ఉండాలని ఆ కొలత ఉద్దేశమని పండితులు వివరించారు. ఈనాడు మన సందులోకి రావలసింది అంబులెన్సు, అగ్నిమాపక వాహనం. ఆ కొలతను మనం పునాది నాడే వదలాలి, అధికారి కూడా పునాది నాడే వచ్చి కొలవాలి.